వీడియో మధ్యలో జనం వెళ్లిపోతున్నది మ్యూజిక్ వల్లేనా? లెక్క చూసి తేల్చుకోవడం ఎలా

"మ్యూజిక్ తగ్గించండి, మీ మాట వినబడట్లేదు" అని వీడియో కింద ఎవరో రాస్తారు. తర్వాతి వీడియోలో మ్యూజిక్ మొత్తం కాస్త తగ్గిస్తారు. అయినా గ్రాఫ్ అలాగే మధ్యలో జారుతుంది. ఆ కామెంట్ రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు ఇబ్బంది కలిగిన మాట నిజమే. కానీ ఏ సెకనులో, దేనివల్ల అన్నది వాళ్లు చెప్పలేరు. అది మీ దగ్గరున్న రెండు లెక్కలను పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఒకటి, వీడియోలో ఏ చోట ఎంత శాతం మంది ఇంకా చూస్తున్నారో చెప్పే యూట్యూబ్ రిటెన్షన్ గ్రాఫ్, రెండోది మీ ఆడియోలో సెకను సెకనుకూ ఉన్న సౌండ్ కొలత.

ఈ పనికి ఒక పూట పడుతుంది. అర్థం కావడానికి ఒక వంట వీడియోను ఉదాహరణగా తీసుకుందాం. అమ్మ గోంగూర పచ్చడి చేస్తోంది, అబ్బాయి షూట్ చేసి ఎడిట్ చేశాడు. నిడివి 8 నిమిషాల 20 సెకన్లు, చూసినవాళ్లు 4,000 మంది. కొంతభాగం తర్వాత గదిలో కూర్చుని మైక్ దగ్గర చెప్పిన వాయిస్ ఓవర్. మిగతాది వంటింట్లోనే, ఫోన్ మైక్‌తో నాలుగడుగుల దూరం నుంచి రికార్డయిన మాట. మొదటి నుంచి చివరి దాకా ఒకటే వీణ మ్యూజిక్, ఒకటే లెవెల్‌లో. ఇందులోని అంకెలు లెక్క తేలికగా ఉండాలని నేను వేసుకున్నవి. పద్ధతి మాత్రం ఏ వీడియోకైనా ఇదే.

ముందు ఆడియో చూడండి, గ్రాఫ్ తర్వాత

ఈ వరుస చాలా ముఖ్యం. గ్రాఫ్ ముందు చూస్తే 1:40 దగ్గర పడిందని మనసులో నాటుకుపోతుంది. తర్వాత అక్కడ ఆడియో వింటే ఏదో ఒక లోపం తప్పకుండా వినిపిస్తుంది. వెతికితే లోపం లేని పది సెకన్లు ఏ వీడియోలోనూ ఉండవు. కాబట్టి ఆడియో జాబితా పూర్తిగా రాసుకున్నాకే గ్రాఫ్ తెరవండి.

ఎడిటింగ్ ప్రాజెక్ట్ తెరిచి మూడు ఆడియో ఫైళ్లు తీయండి. మ్యూజిక్ ట్రాక్ మ్యూట్ చేసి మాట మాత్రమే ఉన్నది ఒకటి (`voice.wav`), మాట మ్యూట్ చేసి మ్యూజిక్ మాత్రమే ఉన్నది ఒకటి (`music.wav`), అన్నీ కలిసినది ఒకటి (`mix.wav`). మూడూ మొదటి ఫ్రేమ్ నుంచే మొదలవ్వాలి. లేకపోతే సెకన్లు కలవవు.

విడివిడిగా ఎందుకంటే, కలిసిపోయిన సౌండ్‌ను కొలిచే మీటర్‌కు మాట ఏదో వీణ ఏదో తెలియదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పూర్తయిన వీడియో వేవ్‌ఫామ్ చూసి, ఎత్తుగా ఉన్నచోట మ్యూజిక్ ఎక్కువైందని అనుకుంటారు. మన వీడియోలో జరిగింది సరిగ్గా దానికి తిరగబడి ఉంది, కాసేపట్లో చూస్తారు.

ఈ ఫైళ్లు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. మాట వచ్చినప్పుడల్లా మ్యూజిక్ దానంతట అదే తగ్గేలా డకింగ్ పెట్టి ఉంటే, అది ఎలా పనిచేస్తోందో చూసుకోండి. డకింగ్ కీఫ్రేమ్‌ల రూపంలో టైమ్‌లైన్ మీద కనిపిస్తుంటే ఇబ్బంది లేదు. మాట ట్రాక్‌ను వింటూ అప్పటికప్పుడు తగ్గించే సైడ్‌చెయిన్ కంప్రెసర్ అయితే మాత్రం, మాట మ్యూట్ చేయగానే మ్యూజిక్ తగ్గడం మానేయవచ్చు. అప్పుడు `music.wav`లో ఉన్నది వీక్షకుడు విన్న మ్యూజిక్ కాదు. అన్ని ట్రాక్‌లూ కలిసే మాస్టర్ మీద, సౌండ్ హద్దు దాటకుండా గట్టిగా అణిచే లిమిటర్ ఉన్నా కొంచెం ఇలాంటి తేడాయే వస్తుంది, కొలత కోసం దాన్ని కాసేపు ఆపేయండి.

మాటకూ మ్యూజిక్‌కూ మధ్య దూరం కొలవడం

సౌండ్ మన చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో చెప్పే కొలతను లఫ్స్ అంటారు. ఇది మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత గట్టి. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ మీటర్ ఉంటే, అందులో షార్ట్ టర్మ్ అనే విలువ చూడండి. అది గడిచిన 3 సెకన్ల సౌండ్‌ను చెబుతుంది. మీటర్ లేకపోతే ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఇలా తీయవచ్చు:

```
ffmpeg -i voice.wav -af ebur128=metadata=1,ametadata=print:key=lavfi.r128.S:file=voice.txt -f null -
ffmpeg -i music.wav -af ebur128=metadata=1,ametadata=print:key=lavfi.r128.S:file=music.txt -f null -
```

రెండు టెక్స్ట్ ఫైళ్లు వస్తాయి. `voice.txt` తెరిచి `pts_time:100` అని వెతికితే, 100వ సెకను, అంటే 1:40 దగ్గర మాట ఎంత గట్టిగా ఉందో కింది లైన్‌లో ఉంటుంది. అదే సెకనుకు `music.txt`లో చూసి, మాటలోంచి మ్యూజిక్‌ను తీసేయండి. వచ్చే తేడాయే మనకు కావాల్సింది.

మన వీడియోలో వాయిస్ ఓవర్ ఉన్నచోట మాట −16, మ్యూజిక్ −32. తేడా 16. వంటింటి మాట ఉన్నచోట మాట −25, మ్యూజిక్ అదే −32. తేడా 7 మాత్రమే. అంటే మ్యూజిక్ ఎక్కడా పెరగలేదు, మాటే వెనక్కి వెళ్లిపోయింది. రెండూ కలిసిన సౌండ్ కొలిస్తే వంటింటి భాగం సుమారు −24 వస్తుంది, వాయిస్ ఓవర్ భాగం కంటే 8 తక్కువ. వేవ్‌ఫామ్‌లో అది చిన్నగా, ఏ గొడవా లేనట్టు కనిపిస్తుంది. వినేవాళ్లకు మాత్రం "మ్యూజిక్ ఎక్కువైంది" అనిపిస్తుంది. కామెంట్ చూసి మొత్తం మ్యూజిక్‌ను 3 తగ్గించినా వంటింట్లో తేడా 10 దగ్గరే ఆగుతుంది, బాగానే ఉన్న వాయిస్ ఓవర్ దగ్గర మాత్రం మ్యూజిక్ అనవసరంగా వెలవెలబోతుంది.

ఎంత తేడా ఉంటే చాలు? వెబ్‌లో అందరికీ అందుబాటు కోసం రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అన్నిటికన్నా కఠినమైన స్థాయి, వెనక సౌండ్ మాట కంటే కనీసం 20 డెసిబెల్ తక్కువ ఉండాలంటుంది. వినికిడి తగ్గినవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు అది. మాట ప్రధానమైన వీడియోలకు నేను 15 దాటితే నిశ్చింతగా ఉంటాను, 10 లోపు ఉంటే అనుమానిస్తాను. వెనక పాడే గొంతు ఉన్న పాట పెడితే మాత్రం నా హద్దు ఇంకా పైకి వెళ్తుంది. మాట మీద మాట పడితే వాద్యం కన్నా ఎక్కువగా చెవిని లాగేస్తుంది.

కొలతలో రెండు మోసాలున్నాయి. అమ్మ మాట ఆపి ఆకు తుంచుతున్నప్పుడు `voice.txt`లో అంకె ఒక్కసారిగా కిందికి పోతుంది. అది మాట తగ్గడం కాదు, మాట లేకపోవడం. నిజంగా మాట్లాడుతున్న సెకన్లనే లెక్కలోకి తీసుకోండి. రెండోది ఫ్యాను. వంటింటి మైక్‌లో ఫ్యాను, పొయ్యి చప్పుడు కూడా మాటతోపాటే రికార్డవుతాయి. కాబట్టి ఆ −25లో అంతా అమ్మ గొంతే ఉండదు, అసలు తేడా 7 కన్నా ఇంకా తక్కువే అవుతుంది. అమ్మ మాట మొదలుపెట్టే ముందున్న రెండు మూడు సెకన్లను విడిగా కోసి కొలిస్తే ఆ హోరు ఎంతో తెలుస్తుంది.

పాత వీడియోల ప్రాజెక్ట్ పోయి, ఎంపీ4 మాత్రమే మిగిలిందా? అప్పుడు దాని ఆడియోను wav ఫైల్‌గా తీసి ఆడాసిటీలో తెరవండి. `Analyze` మెనూలో `Contrast` అనే పనిముట్టు సరిగ్గా ఇందుకోసమే ఉంది. మాట ఉన్న భాగాన్ని ముందు సౌండ్‌గా, రెండు వాక్యాల మధ్య మ్యూజిక్ మాత్రమే వినిపించే చోటును వెనక సౌండ్‌గా ఎంచుకుంటే తేడా చెబుతుంది. డకింగ్ ఉన్న వీడియోలో వాక్యాల మధ్య మ్యూజిక్ పైకి లేస్తుంది కాబట్టి ఈ పద్ధతి తేడాను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఉలిక్కిపడే చోట్లు

హెచ్చుతగ్గుల్లో ఇంకో రకం ఉంది. మెల్లగా ఉన్నచోట వీక్షకుడు ఫోన్ సౌండ్ పెంచుకుంటాడు, ఆ వెంటనే ఏదో ఒకటి చెవిలో పేలుతుంది. దీనికి `mix.wav` చాలు, కానీ 3 సెకన్ల కొలత పనికిరాదు, అది ఆలస్యంగా కదులుతుంది. పై కమాండ్‌లో ఫైల్ పేర్లను `mix.wav`, `mix.txt`గా మార్చి, `r128.S` బదులు `r128.M` పెట్టండి. అది 0.4 సెకన్ల కొలత, ఒక్కసారిగా లేచేవి దొరుకుతాయి.

మన వీడియోలో 4:40 నుంచి అమ్మ వేయించిన మిరపకాయలు జార్‌లో వేస్తోంది. మాట లేదు, వీణ మాత్రమే, −32. 4:45కు మిక్సీ ఆన్ అయింది, −10. 22 తేడా, అదీ సగం సెకనులో. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

ఇప్పుడు జాబితా కాగితం మీద ఇలా ఉంటుంది. తేడా 10 లోపు ఉన్న చోట్లు: 1:30–1:55, 2:40–2:50, 3:10–3:40, 5:20–5:45, 7:00–7:10. ఉలిక్కిపడే చోటు: 4:45. ఇక దీన్ని మార్చకండి.

ఇప్పుడు గ్రాఫ్

యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో `Analytics` తెరిస్తే ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది. మౌస్‌ను గీత మీద జరుపుతూ ఒక్కో చోట శాతం చదవవచ్చు. అంకెలు ఫైల్‌గా కావాలంటే యూట్యూబ్ ఎనలిటిక్స్ ఏపీఐ ఇస్తుంది. గూగుల్ డాక్యుమెంటేషన్ పేజీలోనే దాన్ని నడిపి చూసే పెట్టె ఉంటుంది, అందులో మీ ఛానల్ అకౌంట్‌తో లాగినై ఇవి నింపితే చాలు:

```
ids=channel==MINE
metrics=audienceWatchRatio
dimensions=elapsedVideoTimeRatio
filters=video==VIDEO_ID
```

తేదీల గడుల్లో వీడియో పెట్టిన రోజు నుంచి నిన్నటి దాకా ఇవ్వండి. వీడియో నిడివి ఎంతైనా సరే వంద ముక్కలుగానే లెక్క వస్తుంది. మన 500 సెకన్ల వీడియోకు ఒక్కో ముక్క 5 సెకన్లు. 40 నిమిషాల వీడియోకైతే ఒక్కో ముక్క 24 సెకన్లు, అందులో ఏ అర సెకను మిక్సీ వల్ల పడిందో చెప్పడం కుదరదు. ఈ పరిశీలనకు పది నిమిషాల లోపు వీడియోలే ఎంచుకోండి.

మొదటి 30 సెకన్లు పక్కన పెట్టేయండి. అక్కడ ఎవరి వీడియో అయినా జారుతుంది, థంబ్‌నెయిల్ చూసి వచ్చి ఇది మనకు కాదనుకున్నవాళ్లు వెళ్లే చోటది. మిగిలిన ముక్కల్లో ఒక్కోదానికీ ముందు ముక్క కన్నా ఎంత తగ్గిందో రాయండి. మామూలు తగ్గుదల ఎంతో తెలియాలంటే వాటిని వరసలో పెట్టి మధ్యలో ఉన్నది చూడండి. మన వీడియోలో అది 0.2 శాతం. దానికి మూడు రెట్లు, అంటే 0.6 దాటి పడిన ముక్కలనే గుర్తించండి. పక్కపక్కనే ఉన్న రెండు ముక్కలు పడితే ఒకే చోటుగా రాసుకోండి. 4,000 మందిలో 0.6 శాతమంటే 24 మంది, అది ఒక సంగతి. 150 మంది చూసిన వీడియోలో 0.6 శాతమంటే ఒక మనిషి కూడా కాదు, అలాంటి గ్రాఫ్‌లో ఏ గుంటనూ నమ్మకండి.

పడిన గీత తిరిగి లేచిందా అన్నదీ చూడాలి. పడి, పది ఇరవై సెకన్ల తర్వాత మళ్లీ పాత ఎత్తుకు వస్తే వాళ్లు వెళ్లిపోలేదు, ఆ ముక్కను దాటవేశారు. మాట వినబడక విసిగిపోయినవాళ్లలో కొందరు ఇలా ముందుకు జరుపుతారు కూడా. కానీ సాగదీత వల్ల జరిపేవాళ్లూ ఉంటారు కాబట్టి, తిరిగి లేచిన గుంటలను వేరే గుర్తుతో రాయండి.

మన వీడియోలో పడి లేవని చోట్లు ఐదు: 1:40–1:50 దగ్గర 1.9 శాతం, 3:20–3:30, 4:45–4:50, 5:30–5:40, 6:10–6:15.

రెండు జాబితాలూ కలపడం

1:40లో పడింది, తేడా తక్కువైంది 1:30లో. ఈ పది సెకన్ల ఆలస్యం మామూలే. మాట వినబడకపోతే మనిషి వెంటనే వెళ్లడు. ఫోన్ దగ్గరకు తెచ్చుకుంటాడు, సౌండ్ పెంచుతాడు, ఇంకో వాక్యం చూస్తాడు, అప్పుడు వెళ్తాడు. మిక్సీ లాంటిదైతే అదే ముక్కలో పడుతుంది. కాబట్టి మెల్లని మాటకు పడిన చోటు నుంచి 15 సెకన్ల వెనక దాకా చూడండి, ఉలికిపాటుకు 5 సెకన్లు చాలు. పడిన తర్వాత మొదలైన ఆడియో లోపానికి ఆ పడటంతో సంబంధం లేదు.

ఐదింటిలో మూడు (1:40, 3:20, 5:30) తేడా తక్కువున్న చోట్లలో ఉన్నాయి. ఒకటి మిక్సీ. ఐదోది, 6:10, వాయిస్ ఓవర్ భాగం, తేడా 16, ఆడియో చక్కగా ఉంది. అక్కడ అబ్బాయి లైక్ చేయండి, షేర్ చేయండి అని అడుగుతున్నాడు. దాన్ని ఆడియో ఖాతాలో వేయకండి.

చాలామంది ఇక్కడ ఆగిపోయి, ఐదులో నాలుగు ఆడియో వల్లే అనుకుంటారు. ఆగకూడదు. ఆడియో బాగాలేకపోయినా జనం కదలని చోట్లు కూడా లెక్కపెట్టాలి. మన జాబితాలో 2:40, 7:00 అలాంటివి. తేడా 7 ఉన్నా అక్కడ గీత మామూలుగానే ఉంది. దగ్గరగా చూస్తే ఆ రెండూ పదేసి సెకన్లే, మిగతా మూడూ 25 సెకన్లు, అంతకు పైన. పది సెకన్లు ఓర్చుకుంటారు, అరనిమిషం ఓర్చుకోరు. ఇలాంటి వివరం దొరికితే మీ అనుమానానికి బలం వస్తుంది, ఎందుకంటే అది ఊరికే కలిసిన అంకె కాదు, కారణంలా ప్రవర్తిస్తోంది.

అయినా యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంతో చూడాలి. 30 సెకన్ల తర్వాత మిగిలినవి 94 ముక్కలు, వాటిలో తేడా తక్కువున్నవి 20. అంటే ఐదో వంతు. ఐదు పడిపోయే చోట్లను కళ్లు మూసుకుని టైమ్‌లైన్ మీద చల్లినా ఒకటి అక్కడ పడాలి. మనకు మూడు పడ్డాయి. ఆడియోకు ఏ సంబంధం లేకపోయినా ఇలా మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం సుమారు 7 శాతం. తక్కువే, కానీ ఒక్క వీడియోతో తేల్చేసేంత తక్కువ కాదు. అదే రకం వీడియోలు ఇంకో మూడు తీసుకుని ఇదే పని చేయండి. ప్రతిదానిలోనూ ఇలాగే కలిస్తే అప్పుడు నమ్మండి.

ఆడియోనా, దానితో వచ్చిన ఇంకొకటా

మాట మెల్లగా ఉన్న చోట్లన్నీ వంటింటి షాట్లే కదా. జనం మాట వినబడక వెళ్తున్నారా, లేక చేయి వణికే ఆ షాట్లు చూడలేక వెళ్తున్నారా? గ్రాఫ్ ఈ రెండింటినీ విడదీయదు, మీరే విడదీయాలి. అదే వంటింటి షాట్ మీద వాయిస్ ఓవర్ నడిచిన చోట్లు మీ వీడియోల్లో వెతకండి. అక్కడ గీత మామూలుగా ఉంటే బొమ్మ తప్పు కాదు. వంటింటి మాటే ఉండి మ్యూజిక్ లేని చోట్లు కూడా చూడండి. అక్కడ మామూలుగా ఉంటే దూరపు మాటను ఓర్చుకుంటున్నారు, దాని మీద పడిన వీణనే ఓర్చుకోవట్లేదన్నమాట. అక్కడా పడుతుంటే మాట రికార్డింగే బాగాలేదు, మ్యూజిక్ తీసేసినా లాభం ఉండదు.

యూట్యూబ్ మన సౌండ్‌ను మార్చేస్తుంది కదా, ఈ కొలతలన్నీ దండగేనా అని కొందరు అడుగుతారు. మీ వీడియో దాదాపు −14 లఫ్స్ కన్నా గట్టిగా ఉంటే యూట్యూబ్ దాన్ని తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే పెంచదు. ప్లేయర్ మీద రైట్ క్లిక్ చేసి `Stats for nerds` తెరిస్తే `content loudness` అని కనిపించేది అదే. ఆ తగ్గింపు వీడియో మొత్తానికీ ఒకేలా జరుగుతుంది కాబట్టి మాటకూ మ్యూజిక్‌కూ మధ్య తేడా మారదు. స్టేబుల్ వాల్యూమ్ అనే సెట్టింగ్ వేరు. అది ఆన్‌లో ఉన్నవాళ్లకు మిక్సీ అంత గట్టిగా వినబడదు, మెల్లని భాగాలు కాస్త పైకి లేస్తాయి. కానీ అది మాటనూ వీణనూ కలిపే పైకి లేపుతుంది, తేడా 7 తేడా 7గానే ఉంటుంది. అందుకే ఉలికిపాట్ల కన్నా మునిగిపోయిన మాటే ఎక్కువమందికి చేరే లోపం, ముందు దాన్నే సరిచేయాలి.

సరిచేసి చూడటం

అప్‌లోడ్ చేసిన వీడియోలో ఫైల్ మార్చి అదే లింకులో పెట్టడం కుదరదు. పరీక్ష తర్వాతి వీడియోలోనే. మ్యూజిక్ మీద చేయి వేయకముందు మాటలను ఒకదానికొకటి సమానం చేయండి. వంటింటి మాటను −25 నుంచి −17కు తెస్తే తేడా 7 నుంచి 15కు చేరుతుంది. కానీ 8 డెసిబెల్ పెంచితే ఫ్యాను హోరు కూడా అంతే పెరుగుతుంది. వింటే చిరాగ్గా ఉంటే, పెంచడం మాని వచ్చే షూటింగ్‌లో అమ్మకు ఒక కాలర్ మైక్ పెట్టి, ఆ కాసేపు ఫ్యాను ఆపండి. ఆ తర్వాతే మాట ఉన్నచోట్ల మ్యూజిక్‌ను ఇంకో 3 తగ్గించండి. మిక్సీకి మాత్రం సులువు. ఆ క్లిప్‌ను −20 దగ్గరకు తెచ్చి, మొదటి అర సెకను మెల్లగా లేచేలా ఫేడ్ పెడితే సరిపోతుంది.

పూర్తయ్యాక ఫోన్‌లో, స్పీకర్ మీద, సౌండ్ సగానికి తగ్గించి, పక్క గదిలో టీవీ నడుస్తుండగా ఒకసారి వినండి. అమ్మ చెప్పిన కొలతలు, ఎన్ని మిరపకాయలు, ఎంత చింతపండు, అన్నీ స్క్రీన్ చూడకుండా రాయగలిగితే తేడా చాలినట్టే.

ఆ వీడియోలో ఇంకేమీ మార్చకండి. వంటింటి షాట్లు అలాగే, అదే పొడవు, లైక్ అడగడం కూడా అదే చోట. వారం తర్వాత వంటింటి మాట 25 సెకన్లు దాటిన చోట్ల మాత్రమే గ్రాఫ్ చదవండి. ముందు వీడియోలో ఒక్కో ముక్కకు 0.6 దాటి పడినవి ఇక్కడ 0.2, 0.3 దగ్గర ఉండి, లైక్ అడిగే చోట మాత్రం ఎప్పటిలాగే పడితే, మీరు కొలిచింది సరైనదే. రెండు చోట్లా పడటం తగ్గితే మాత్రం ఈ వీడియోకు వచ్చిన జనమే వేరన్నమాట. అలాంటప్పుడు అదే అమరికతో ఇంకో వీడియో చేసి మళ్లీ చూడాల్సిందే.